అప్ప పెళ్లిలో తమ్ముడి నాలుగు మాటలు

పెద్దలందరికీ నమస్కారం. రెండు నిమిషాలే, భోజనాలు చల్లారనివ్వను.

బావగారూ, విజయనగరంలో సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా, నాకు కనబడదని మా అప్ప నన్ను భుజాలమీదే మోసేది. తనకి కనబడిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

తేగలు కాల్చడం తనే నేర్పింది. తోలు తీయకుండా నిప్పుల్లో పెట్టి తిప్పుతూ ఉండాలి, లేదంటే ఒకపక్క మాడి ఇంకోపక్క పచ్చిగా ఉండిపోతుంది. కాలాక చీల్చి పెద్దముక్క నాకిచ్చేది. ఇకనుంచి అది మీది. కొంచెం కుళ్లుగానే ఉంది.

తనకి కోపమొస్తే మాటలుండవు, గిన్నెల చప్పుడే. వాదించకండి. అల్లం దంచి టీ పెట్టండి, పంచదార ఒక్క చెంచాయే.

అప్పా, సంక్రాంతికి భోగి ముందురోజే వచ్చీ. కిటికీ పక్క మంచం నీదే.