కంపోస్టు ప్లాంట్ ఇంజినీరు ఉద్యోగానికి రాజీనామా

తేదీ: జులై 15

ప్లాంట్ మేనేజర్ గారికి,

విషయం: రాజీనామా, బాధ్యతల అప్పగింత గురించి

నమస్కారం.

పై చదువు కోసం ప్లాంట్ ఇంజినీరు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రంలో ఉన్న 60 రోజుల నోటీసు ప్రకారం సెప్టెంబరు 13 నా ఆఖరి పనిదినం. జర్మనీలో పర్యావరణ ఇంజినీరింగు మాస్టర్స్‌లో సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు, అక్టోబరులో మొదలవుతుంది. కంపోస్టు కుప్పల నుంచి వచ్చే అమ్మోనియా, మీథేను, వాటిని పట్టే బయోఫిల్టర్ల డిజైను నేను ఎంచుకున్న అంశం. మన బయోఫిల్టర్‌లో చెక్కముక్కలు ఎండితే వాసన బయటికి వస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. ఎంత గాలికి ఎంత మందం పరుపు వేయాలో లెక్కగట్టి గీయడానికి ఆ తెలివిడి చాలదు.

నా తర్వాత వచ్చేవారికి రిజిస్టర్లు చూస్తే చాలావరకు అర్థమవుతుంది. వాటిలో లేనివి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా 4వ నంబరు ఉష్ణోగ్రత ప్రోబు. ఐసు నీళ్లలో ముంచితే సున్నా దగ్గర ఆగాల్సింది 3 దగ్గర ఆగుతోంది. అంటే దాని మీద 57 కనబడితే కుప్పలో ఉన్నది 54 కావచ్చు. విండ్రో 55 డిగ్రీలు, ఆపైన 15 రోజులు ఉండాలి, ఈలోగా కనీసం 5 సార్లు తిరగేయాలి; రోగకారక క్రిములు, కలుపు గింజలు చచ్చేది ఆ వేడికే. ఈ ప్రోబును నమ్ముకుంటే సగం ఉడికిన సరుకు క్యూరింగుకు వెళ్లిపోతుంది. కొత్తదానికి ఇండెంటు పెట్టాను. అది వచ్చేదాకా ఈ ప్రోబును పక్కన పెట్టించండి.

వేడి పడిపోయిందని కనబడగానే షిఫ్టువాళ్లు నీళ్ల పైపు అందుకుంటారు. అది సగం సార్లు తప్పే. రెండడుగుల లోతు నుంచి పిడికెడు తీసి పిండి చూడాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువై గాలి ఆడట్లేదన్నమాట, కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తుంది. ఎండాకులో చెక్కముక్కలో కలిపి తిరగేయాలి. ముద్ద కట్టకుండా రాలిపోతే నీళ్లు కావాలి, అవీ తిరగేసేటప్పుడే చల్లాలి. పైన పోస్తే పక్కల నుంచి జారిపోతాయి గానీ లోపలికి దిగవు. ముద్ద కట్టి, అరచెయ్యి కాస్త తడిస్తే తేమ 50-60 శాతం మధ్య ఉన్నట్టు. అప్పుడు తిరగేసినా వేడి పెరగకపోతే ఆ కుప్ప క్యూరింగుకు సిద్ధం. అమ్మోనియా ఘాటుకు నీళ్లు మందు కాదు. నత్రజని ఎక్కువైంది కాబట్టి రంపపు పొట్టు కలపాలి.

గుంటలో చేరిన లీచేట్‌ను కొత్తగా వేసిన కుప్పల మీదే చల్లాలి. 15 రోజులు పూర్తయిన కుప్ప మీద ఒక్కసారి పోసినా చంపిన క్రిముల్ని మనమే తిరిగి తెచ్చి పెట్టినట్టు. షిఫ్టు మారే వేళ ఈ పొరపాటు జరగడానికి వీలుంది కాబట్టి వాల్వుకు తాళం వేయించాను. రెండో తాళంచెవి స్టోర్స్‌లో ఉంది.

16 ఎంఎం ట్రామెల్ జాలీ మూసుకుపోతోందంటే యంత్రాన్ని కాదు, సరుకు తేమను చూడాలి. 35 శాతం దాటితే మన జాలీ మెత్తబడ్డ పిండిలా పూడుకుపోతోంది. ఇనుప రాడ్డుతో కొడితే జాలీ వంగి, రంధ్రాలు సాగి, ప్లాస్టిక్ ముక్కలు కంపోస్టులోకి దిగుతాయి. బ్రష్షు మార్చండి, సరుకును రెండు రోజులు ఆరబెట్టండి. డ్రమ్ము ఒక పక్కకు జరుగుతుంటే సపోర్టు రోలర్ల అరుగుదల చూడాలి. సరుకు బయటికి వచ్చే వైపు బేరింగు ఈమధ్య మూలుగుతోంది. ఆగస్టులో ప్లాంటు ఆపే రోజున మార్చేస్తాను.

క్యూరింగు కుప్ప 3 మీటర్లు దాటనివ్వవద్దు. పైన పొడిగా ఉండి లోపల 70 దాటితే రాజుకునే ప్రమాదం ఉంది. పొగ వస్తే లోడరుతో ఒక్కసారిగా తెరవకూడదు, గాలి తగిలి మంట లేస్తుంది. ముందు నీళ్లు సిద్ధం చేసుకుని, అంచు నుంచి కొద్దికొద్దిగా లాగాలి.

కొత్త ఇంజినీరును ఆగస్టు 16 లోపు కేటాయిస్తే నాలుగు వారాలు ఇద్దరం కలిసి పనిచేయవచ్చు. మొదటి రెండు వారాలు వారు నా వెంట ఉంటారు, తర్వాత నేను వారి వెంట ఉంటాను. డేటా లాగర్ పాస్‌వర్డు, తేమ మీటరు, గ్యాస్ మీటరు రాతపూర్వకంగా అప్పగిస్తాను. నాకు మిగిలిన 11 రోజుల సెలవు నోటీసు కాలంలో వాడుకోను, దాన్ని ఆఖరి లెక్కలో కలపగలరు. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం సెప్టెంబరు 13నే ఇప్పించాలని మనవి. ధ్రువపత్రంలో విండ్రోలు, బయోఫిల్టరు, ట్రామెల్ నిర్వహణను విడివిడిగా పేర్కొంటే నాకు ఎంతో ఉపయోగం.

ఇన్నాళ్లు మీరిచ్చిన సహకారానికి కృతజ్ఞతలు.

ఇట్లు,
భవదీయుడు,
ప్లాంట్ ఇంజినీరు, కంపోస్టు విభాగం

ప్రతి: మానవ వనరుల విభాగం, స్టోర్స్ ఇన్‌ఛార్జి