మా బ్యాంకు ఖాతా మారుతోంది: డబ్బు వేసే ముందు ఒక్క ఫోన్ చేయండి

కాశీబుగ్గ,
2025 నవంబరు 3, సోమవారం

మా మిల్లు నుంచి జీడిపప్పు తీసుకుంటున్న వ్యాపారులందరికీ నమస్కారం.

డిసెంబరు 1 నుంచి మా మిల్లు బ్యాంకు ఖాతా మారుతోంది. కొత్త ఖాతా నంబరు ఈ ఉత్తరంలో లేదు. బ్యాంకు పేరు, ఫోన్ నంబరు కూడా లేవు. కావాలనే రాయలేదు. ఈ కాగితాన్ని ఎవరో ఒకరు ఫొటో తీస్తారు, అది వాట్సాప్‌లో పది చేతులు మారుతుంది. నంబరు రాసి ఉంటే మధ్యలో ఎవడైనా దాన్ని చెరిపి తన నంబరు పెట్టి మళ్లీ తిప్పగలడు. పైన మా పేరు, కింద మా సంతకం అలాగే ఉంటాయి కాబట్టి మీకు అనుమానం రాదు. అందుకే, మా పేరుతో ఖాతా నంబరు రాసి ఉన్న ఉత్తరమో మెసేజో మీ ఫోన్‌కి వస్తే అది మాది కాదనే అనుకోండి.

ఖాతా ఎందుకు మారుస్తున్నామో కూడా చెప్పాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉద్దానం పిక్కలు ఒక్కసారిగా మార్కెట్‌కి వస్తాయి. రైతు 80 కిలోల బస్తా దించగానే చేతిలో డబ్బు పెట్టాలి. దానికి తీసుకునే క్యాష్ క్రెడిట్ లోన్‌ని ఈ ఏడాది వేరే బ్యాంకుకు మార్చుకున్నాం. లోన్ ఇచ్చిన బ్యాంకు, అమ్మకాల డబ్బు తమ దగ్గరి ఖాతాలోకే రావాలని అడిగింది. అంతకు మించి కారణం లేదు. మిల్లు పేరు, చిరునామా, యజమాని, 37తో మొదలయ్యే మా జీఎస్టీ నంబరు ఏవీ మారడం లేదు. మీ పాత బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ వేసవిలో రాజాంలో మన తోటి వ్యాపారికి జరిగినది నేను మరిచిపోలేకపోతున్నాను. ఆయన మాకు 1,86,400 రూపాయలు ఇవ్వాలి. ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్‌కి మా బిల్లు ఫొటోతో మెసేజ్ వచ్చింది. ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, సాయంత్రం నాలుగు లోపు ఈ ఖాతాకు వేయండి, లేకపోతే రేపటి లోడు ఆగిపోతుంది’ అని అందులో ఉంది. పెళ్లిళ్ల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, లోడు ఆగితే పరువు పోతుందని ఆయనకు టెన్షన్. బ్యాంకు యాప్‌లో ఆ నంబరు కొట్టారు. స్క్రీన్ మీద మా మిల్లు పేరుకు బదులు ఎవరో మనిషి పేరు వచ్చింది. అక్కడే ఆగి నాకు ఫోన్ చేశారు. “ఏటి బాబూ, మీ ఖాతా ఎవరి పేరు మీదో చూపిస్తోంది?” అన్నారు. నాకు చేతులు వణికాయి. డబ్బు పోలేదు. కానీ ఆయన పేరు చూడకుండా నొక్కేసి ఉంటే ఆ నష్టం ఇద్దరి మధ్య గొడవై కూర్చునేది.

ఆ పేరు కనిపించే సౌకర్యం రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ 1 నాటికి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు కూడా రావలసినది. దయచేసి వాడండి. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది. మీరు పేరు పెట్టెలో మా పేరు రాసినా నంబరు వేరేవాళ్లదైతే డబ్బు వాళ్లకే పోతుంది. స్క్రీన్ మీద బ్యాంకు చూపించే పేరు మా బిల్లు మీద ఉన్న మిల్లు పేరే అయి ఉండాలి. యజమాని పేరు గానీ, మా ఇంట్లోవాళ్ల పేరు గానీ, గుమాస్తా పేరు గానీ వస్తే ఆపేయండి.

కొత్త నంబరు మీకు చేరేది ఇలా. ఈ నెలలో మీకు వచ్చే లోడుతో పాటు మా లైన్ గుమాస్తా ఒక సీలు వేసిన కవరు తెస్తాడు. ఇన్నేళ్లుగా మీ కొట్టుకు వస్తున్న మనిషే, కొత్తవాళ్లను పంపం. కవరులో కొత్త ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు, మిల్లు స్టాంపుతో ఒక కాగితం ఉంటాయి. అది చేతికి వచ్చాక కూడా వెంటనే డబ్బు వేయకండి. మీ ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉన్న మా నంబరుకు, లేదా పాత బిల్లు మీద అచ్చయిన నంబరుకు మీరే ఫోన్ చేయండి. లెక్కలు చూసే మా అమ్మాయి గానీ నేను గానీ ఎత్తుతాం. ముందు మీరే మమ్మల్ని పరీక్షించండి. మీ ఆఖరి బిల్లులో 320 గుండు ఎన్ని డబ్బాలు, బద్దలు ఎన్ని, మొత్తం ఎంత అని అడగండి. సరిగ్గా చెబితేనే కవరులోని ఖాతా నంబరు మీరు చదవండి, మేము సరిచూస్తాం.

తర్వాత ఒక్క రూపాయి వేయండి. అది జమ అయిందని మేము మీకు చెప్పాకే మిగతాది పంపండి. లక్షల బాకీకి రూపాయి ఏమిటని నవ్వుకోకండి, ఇందులో మొహమాటం వద్దు.

అప్పటిదాకా పాత ఖాతాకే వేయండి. ఆ ఖాతాను 2026 మార్చి 31 వరకు మూసేది లేదు. డిసెంబరు తర్వాత పొరపాటున అందులో వేసినా మీ లెక్కలో జమ చేస్తాం. కవరు అందలేదనో, ఫోన్ కలవలేదనో, మనసు ఒప్పుకోలేదనో పేమెంటు నాలుగు రోజులు ఆలస్యమైతే వడ్డీ అడగం, మాల్ ఆపం. మిల్లు పేరు మీద చెక్కు రాసి గుమాస్తా చేతికి ఇచ్చినా సరే. ‘ఈ రోజే వేయాలి’ అని మేము ఎవరినీ తొందరపెట్టం. ఎవరైనా తొందరపెడితే అక్కడే అనుమానించండి.

మిల్లు కౌంటర్‌లో ఉన్న క్యూఆర్ కార్డు కూడా మారుతుంది. దాన్ని కౌంటర్‌లోనే స్కాన్ చేయాలి, ఫోన్‌లో పంపం. ఓటీపీ, యూపీఐ పిన్ మాకెందుకు? ఎవరడిగినా చెప్పకండి.

ఒకవేళ ఎక్కడైనా తప్పు ఖాతాకు డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. ఆ నిమిషమే మీ బ్యాంకుకు, 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాల మీద ఖాతాలు మారిపోతుంది. ఆ తర్వాత నాకూ చెప్పండి, మిగతా కొట్లవాళ్లను వెంటనే హెచ్చరిస్తాను.

2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానంలో జీడితోటలు వేళ్లతో సహా పడిపోయినప్పుడు, మాల్ ఎప్పుడిస్తామో మాకే తెలియని రోజుల్లో మీలో చాలామంది అడ్వాన్సులు వేశారు. అవి ఈ పాత ఖాతాలోకే వచ్చాయి. ఆ పాస్‌బుక్ దాచుకున్నాను. అలా నమ్మిన మీ డబ్బు మా పేరు చెప్పుకొని ఎవడో ఎత్తుకుపోవడం నేను చూడలేను.

సంక్రాంతి ఆర్డర్లు ఎప్పటిలాగే డిసెంబరు రెండో వారంలోపు చెప్పండి. సాలూరు, బొబ్బిలి వైపు లోడు ఈసారి ముందుగా బయలుదేరుతుంది.

ఇట్లు,
మీ మిల్లు యజమాని
(సంతకం, మిల్లు స్టాంపు)