కన్యాశుల్కం ముందుమాటకి రిఫరెన్స్ రాసిపెట్టండి అక్కా

అక్కా, నమస్తే. బాగున్నారా?

నా పేపర్ అంతా అయిపోయింది కానీ ఒక్క రిఫరెన్స్ దగ్గర ఆగిపోయాను. గురజాడ గారి కన్యాశుల్కం ముందుమాటలోంచి కొన్ని లెక్కలు వాడుకున్నాను. దానికి రిఫరెన్స్ ఎలా ఇవ్వాలో మీరు రాసి పంపితే ఉన్నదున్నట్టు పెట్టేస్తాను. ఇలాంటివి మీకు కొట్టిన పిండి కదా, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

పేపర్ చూసిన సార్ ఆ పేరా పక్కన "నాటకంలోని అంకెలు చరిత్రకి ఆధారం ఎలా అవుతాయి? మూలం చూపండి" అని రాశారు. మూలం అడగడం సబబే, నేనే ముందు ఇచ్చి ఉండాల్సింది. కానీ అవి నాటకంలో పాత్రలు చెప్పిన అంకెలు కావక్కా. విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు గారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళకి ఒక జాబితా తయారు చేయించారు. గురజాడ ఆ లెక్కల్ని ముందుమాటలో ఇచ్చారు. నా పేరా ఇదీ:

"మూడేళ్ళలో నమోదైన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1,034. అంటే ఏడాదికి సగటున 344. వీటిలో ఐదేళ్ళ వయసులో పెళ్ళయిన ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు, ఏడాది పసిపిల్లలు ముగ్గురు. ఆ పసిపిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి కూడా ఒక్కోసారి బేరాలు కుదిరేవని గురజాడ రాశారు."

ఈ వయసుల అంకెలు కూడితే 188 మంది అవుతారు. ఆ కూడిక నాది, ముందుమాటలోది కాదు. అందుకే దాన్ని పేరాలో కలపకుండా తర్వాతి వాక్యంలో విడిగా పెట్టాను. రిఫరెన్స్ నంబరు పై పేరా చివర వేస్తే సరిపోతుందా, లేక మొదటి అంకె దగ్గరే వేయాలా అన్నది కూడా చెప్పండి.

ఇంకో సంగతి మీరు తప్పకుండా చూడాలి. జాబితా చేయించింది మహారాజా, మనకి చెప్పింది గురజాడ. రిఫరెన్స్‌లో ఇద్దరి పేర్లూ రావాలా? అసలు జాబితా నేను కళ్ళతో చూడలేదు, ముందుమాటలో ఉన్నదే చదివాను. చూసినట్టు అర్థం వచ్చేలా మాత్రం ఉండకూడదు. పైగా డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఆ జాబితా సమగ్రం కాదని గురజాడే చెప్పారు. అసలు లెక్క ఇంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది. ఆ మాట కూడా పేపర్‌లో రాశాను. సార్ అడిగిన ప్రశ్నకి అదే మంచి జవాబు అనిపిస్తోంది నాకు. తన లెక్కలో ఉన్న లోటు తానే చెప్పిన మనిషి మాటని ఊరికే నాటకం అని కొట్టిపారేయలేం కదా.

ఈ ఒక్క రిఫరెన్స్ కోసం ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నాటకం 1892లో మొదటిసారి ఆడినప్పటి నుంచి ఇప్పటిదాకా గిరీశం గురించి మాట్లాడనివాళ్ళు లేరు. ఈ లెక్కల గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. సుబ్బికి పేరుంది, బుచ్చమ్మకి పేరుంది. ఆ ముగ్గురు ఏడాది పిల్లల పేర్లు ముందుమాటలో ఎక్కడా లేవు, అంకె ఒక్కటే ఉంది. అదైనా చదివినవాళ్ళు వెతుక్కుని సరిచూసుకునేలా పేపర్‌లో ఉండాలి. "గురజాడ చెప్పినట్టు" అని రాసి వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు.

మీకు కావలసిన వివరాలు ఇవి: రాసింది గురజాడ అప్పారావు, పుస్తకం కన్యాశుల్కం, అందులో నాటకం మొదలవకముందు ఉన్న ముందుమాట. ముందుమాట ఇంగ్లీషులో ఉంది. పైన పేరాలోది నేను తెలుగులో నా మాటల్లో రాసుకున్నదే, అందుకే లోపల కొటేషన్ గుర్తులు పెట్టలేదు. అలా నా మాటల్లో రాసినప్పుడు కూడా పేజీ నంబరు ఇవ్వాలంటే చెప్పండి, చూసి పంపుతాను.

సోమవారం సాయంత్రంలోగా పేపర్ తిరిగి పంపాలి. ఆదివారం మధ్యాహ్నం మీకు వీలైతే ఫోన్ చేస్తాను. కాలేజీ పనుల్లో తీరిక లేకపోతే ఆ ఒక్క లైను వాట్సాప్‌లో టైప్ చేసి పంపినా చాలు. ఇంకేమైనా వివరం కావాలంటే రాత్రి ఎంత ఆలస్యమైనా అడగండి, మేలుకునే ఉంటాను.