గది ఖాళీ చేస్తున్నట్టు నోటీసు, అడ్వాన్సు వాపసు కోరుతూ

విజయనగరం,
2025 సెప్టెంబరు 29, సోమవారం.

మహిళల పేయింగ్ గెస్ట్ వసతి గృహం నిర్వాహకురాలు గారికి,
కంటోన్మెంట్, విజయనగరం.

విషయం: 304వ గదిలో కిటికీ వైపు మంచం 2025 అక్టోబరు 31న ఖాళీ చేయడం, అడ్వాన్సు తిరిగి చెల్లించడం గురించి.

అమ్మా,

మిమ్మల్ని ఇక్కడ అందరం ఆంటీ అనే పిలుస్తాం. నోటితో చెబితే చాలు కదా, కాగితం ఎందుకని మీకు అనిపించవచ్చు. డబ్బుతో ముడిపడిన విషయం, రేపు మీకో మాట నాకో మాట గుర్తుండకూడదని తేదీ వేసి రాస్తున్నాను.

మా కార్యాలయం వారు నన్ను నవంబరు మొదటి వారం నుంచి బొబ్బిలి శాఖకు మార్చారు. రోజూ ఇక్కడి నుంచి బస్సులో వెళ్లి రావడం నా వల్ల అయ్యే పని కాదు. అందువల్ల అక్టోబరు 31, శుక్రవారం సాయంత్రం 6 గంటలలోగా నా మంచం, బీరువా అర ఖాళీ చేసి తాళంచెవి మీకు అప్పగిస్తాను. నేను చేరినప్పుడు మీరిచ్చిన రసీదు వెనుక "ఖాళీ చేయువారు 30 రోజుల ముందు తెలియజేయవలెను" అని అచ్చు వేసి ఉంది. ఈ రోజు నుంచి లెక్కిస్తే 32 రోజులు వస్తున్నాయి. ఈ కాగితమే ఆ ముందస్తు నోటీసుగా తీసుకోండి.

నేను 2024 జూన్ 14న చేరాను. ఆ రోజు అడ్వాన్సుగా రూ. 8,000 ఇచ్చాను: రూ. 5,000 ఫోను ద్వారా, రూ. 3,000 నగదుగా. రెండూ కలిపి మీరు రాసిచ్చిన రసీదు నా దగ్గర ఉంది. బీరువా తాళంచెవికి వేరుగా రూ. 300 తీసుకున్నారు, అది కూడా ఆ రసీదులోనే కింద రాసి ఉంది. భోజనంతో కలిపి నెలకు రూ. 5,500గా ఉన్న అద్దెను ఈ ఏప్రిల్ నుంచి రూ. 6,000 చేశారు. అదీ ప్రతి నెలా 5వ తేదీలోపు పంపుతూనే ఉన్నాను. సెప్టెంబరు వరకు బాకీ ఏమీ లేదు. అక్టోబరు అద్దె కూడా ఎప్పటిలాగే 5వ తేదీలోపు పూర్తిగా చెల్లిస్తాను. చివరి నెల అద్దెను అడ్వాన్సులో సర్దుకోమని నేను అడగడం లేదు కాబట్టి, అడ్వాన్సు లెక్క విడిగానే ఉండాలి.

ఆ లెక్క ఇది. మీ రసీదు నిబంధన ప్రకారం ఖాళీ చేసేటప్పుడు నిర్వహణ ఖర్చు కింద రూ. 500 తగ్గించుకోవచ్చు. దానికి నాకు అభ్యంతరం లేదు, చేరేటప్పుడే ఒప్పుకున్నాను. రూ. 8,000లో అది పోగా రూ. 7,500, తాళంచెవి రూ. 300 కలిపి నాకు రావలసింది రూ. 7,800.

ఇక గోడ సంగతి. ఈ నెల రెండో వారంలో మెట్ల దగ్గర కలిసినప్పుడు, కిటికీ పక్క గోడ పాడైందని, రంగు వేయించడానికి రూ. 2,000 పట్టుకుంటామని మీరు అన్నారు. ఆ గోడ నా వల్ల పాడవలేదు. దానికి పైనే నీళ్ల ట్యాంకు ఉంది. 2024 సెప్టెంబరు వానలకు అక్కడి నుంచి నీరు దిగి, ముందు పసుపు మరక, తర్వాత పొక్కులు, ఆ తర్వాత సున్నం పెచ్చులు రాలడం మొదలైంది. అప్పుడే రెండు ఫొటోలు తీసి మీకు వాట్సాప్‌లో పంపాను. "మేస్త్రీని పంపుతాను" అని మీరు జవాబిచ్చారు. మేస్త్రీ వచ్చాడు, ట్యాంకు గొట్టం చూశాడు, గోడ జోలికి పోలేదు. ఒక వర్షాకాలమంతా నా పరుపును గోడకు జానెడు దూరం జరుపుకొని పడుకున్నాను. ఆ గోడకు నేను మేకు కొట్టలేదు, కాగితం అంటించలేదు. పైకప్పు నుంచి దిగిన నీటికి అడ్వాన్సులో కోత పెట్టడం న్యాయం కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా అంతే. అది తిరగడం లేదని ఆగస్టు 12న మీకు సందేశం పంపాను. నేటికీ అలాగే ఉంది.

నా వల్ల జరిగిన నష్టం ఒకటుంది, దాచను. స్నానాల గదిలో బకెట్ పిడి నా చేతిలోనే విరిగింది. దాని బదులు కొత్తది కొని ఇప్పటికే పెట్టాను.

గది ఖాళీ చేసే రోజున మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ వచ్చి గది చూడాలని కోరుతున్నాను. ఏదైనా తగ్గించాలనుకుంటే అక్కడే చూపించి, దేనికి ఎంత అన్నది రాసివ్వండి. నేను వెళ్లాక ఫోనులో చెప్పే కోతలను ఒప్పుకోలేను. పరుపు, చిన్న టేబుల్ ఫ్యాను, ఇనుప పెట్టె నా సొంతం. గేటు దగ్గర కాపలాదారు మీ చీటీ లేకుండా సామాను కదలనివ్వడు కనుక ఆ చీటీ ముందు రోజే ఇప్పించండి. చేరేటప్పుడు ఇచ్చిన ఆధార్ నకలు, రెండు ఫొటోలు కూడా తిరిగి ఇవ్వండి.

మొత్తం రూ. 7,800 ఖాళీ చేసిన రోజునే ఇస్తే సంతోషం. వీలు కాకపోతే నవంబరు 7, శుక్రవారం లోపు, నేను ఏ ఫోను నంబరు నుంచి అద్దె పంపుతున్నానో దానికే పంపండి. దసరా, సిరిమాను, దీపావళి, నాగుల చవితి అన్నీ ఈసారి అక్టోబరులోనే వస్తున్నాయి. పండగ ఖర్చుల్లో ఉన్నామన్న మాట నవంబరుకు వర్తించదు. ఇంత గట్టిగా రాయడానికి కారణం ఉంది: మేలో ఖాళీ చేసిన పక్క గది అమ్మాయి అడ్వాన్సు కోసం నాలుగుసార్లు తిరిగింది. ఆమె దగ్గర రసీదు లేదు, నోటీసు కూడా రాసివ్వలేదు.

గడువులోగా డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేస్తాను. అప్పటికీ తేలకపోతే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 'సేవ' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో భోజన, వసతి సదుపాయాలు కూడా ఉన్నాయి. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా కట్టనక్కర్లేదు. అంతవరకు పోవాలన్న కోరిక నాకు లేదు. ఏడాది పైగా మీ ఇంటి అన్నం తిన్నాను. జ్వరం వచ్చిన వారం రోజులూ మీరు గదికి గంజి పంపించారు, అది మరిచిపోలేదు. గంజి సంగతి వేరు, అడ్వాన్సు సంగతి వేరు.

ఈ నోటీసు రెండు ప్రతుల్లో ఉంది. ఒకటి మీరు ఉంచుకొని, రెండో దాని మీద "అందినది" అని రాసి, తేదీతో సంతకం చేసి నాకివ్వండి. మీరు ఊళ్లో లేకపోతే రేపు ఇదే ప్రతిని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దగ్గర ఉంచుకుంటాను.

ఇట్లు,
(సంతకం)
సుజాత
304వ గది, కిటికీ వైపు మంచం

జతపరిచినవి: 2024 జూన్ 14 నాటి అడ్వాన్సు రసీదు నకలు (రెండు వైపులా), గోడ ఫొటోలు రెండు, 2024 సెప్టెంబరు, 2025 ఆగస్టు వాట్సాప్ సందేశాల ముద్రిత ప్రతి.