జూన్ డైరీ: పొత్తికడుపు నొప్పి

జూన్ 3, మంగళవారం
నెలసరి అయిపోయి వారం కూడా కాలేదు, లోదుస్తులకి పసుపు మరక. నెల మధ్యలో తెల్లబట్ట కనిపించడం నాకు మామూలే, కానీ అది పలచగా ఉంటుంది, వాసన రాదు. ఇది చిక్కగా ఉంది.

జూన్ 5, గురువారం
ఇవాళా అదే. పైగా నీచు వాసన. అత్తయ్యకి చెబితే "వేడి చేసింది అమ్మాయ్, ఈ ఎండలకి అంతే" అని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. తాగాను.

జూన్ 8, ఆదివారం
పొత్తికడుపులో రెండు వైపులా లాగుతోంది. రాత్రి ఆయన దగ్గరికొస్తే లోపల బాగా నొప్పెట్టింది. వద్దన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

జూన్ 10, మంగళవారం
మెడికల్ షాపులో ఆడవాళ్ల సమస్య అన్నాను. కుర్రాడు ఇంకేమీ అడక్కుండా రాత్రి లోపల పెట్టుకోమని మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

జూన్ 13, శుక్రవారం
మాత్రలతో ఏమీ తగ్గలేదు. నేను పనిచేసే షాపులో పై అరలోంచి చీరల కట్ట తీయబోతే కడుపు పట్టేసి స్టూలు మీద కూలబడ్డాను. మూత్రానికి వెళ్తే మంట.

జూన్ 16, సోమవారం
చలి, జ్వరం 101. పక్క కౌంటర్ అక్క చెయ్యి పట్టుకుని చూసి, "వేడి చేస్తే ఇలా ఉంటుందా? రేపు సెలవు పెట్టు, నేనూ వస్తా" అంది. ఏడుపొచ్చింది.

జూన్ 17, మంగళవారం
ఆడ డాక్టర్. చెప్పలేక ఈ డైరీ ఆవిడ చేతికే ఇచ్చేశాను. మొత్తం చదివారు. గర్భం ఏమైనా ఉందేమోనని ముందు మూత్ర పరీక్ష చేయించారు, లేదు. తర్వాత లోపల పరీక్ష చేస్తూ గర్భసంచి ముఖద్వారాన్ని కదిపితే మంచం అంచు గట్టిగా పట్టుకున్నాను. "ఇక్కడే కదమ్మా?" అని వెంటనే ఆపేశారు. దూదిపుల్లతో శాంపిల్ తీసుకుని, స్కానింగ్ చేయించారు.

గర్భసంచికీ, ట్యూబులకీ ఇన్‌ఫెక్షన్ అట. షాపు మాత్ర పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, దురద ఉన్నప్పుడు వాడేదట. నాకు దురదే లేదు. ఇది ముదిరితే ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టడం కష్టం కావచ్చని, అందుకే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడుతున్నానని చెప్పారు. ఒక ఇంజెక్షన్, పద్నాలుగు రోజులు రెండు రకాల మాత్రలు. నొప్పి తగ్గినా మధ్యలో మానకూడదు. ఒక మాత్ర గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు.

ఆయనకీ మందు వాడాలన్నారు, ఆయనకి ఏ లక్షణం లేకపోయినా సరే. ఇద్దరి కోర్సూ అయ్యేదాకా కలవకూడదు. ఇది ఎవరి నుంచి ఎవరికొచ్చిందో తేల్చి చెప్పలేమని, ఆ గొడవ పెట్టుకోవద్దని కూడా అన్నారు.

రాత్రి ఆయనకి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనూ వస్తాను, ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగారు. శుక్రవారం అన్నాను.