తాత అంటే తగలవు: ఇంగ్లీషులో మళ్ళీ కట్టిన పొడుపు

(లెస్టర్ ఉగాది సభ, పొడుపు కథల పోటీ, మూడో పొడుపు. తెలుగు పొడుపు పిల్లలు చదువుతారు, ఇంగ్లీషుది అమ్మమ్మలు, తాతయ్యలు చదువుతారు. అందుకే ఇంగ్లీషును కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాం.)

తెలుగులో:

తాత అంటే తగలవు,
ముత్తాత అంటే తగులుతాయి.
ఏమిటవి?

ఇంగ్లీషులో:

కాల్ యువర్ గ్రాండ్‌పా, అప్ వి మీట్.
కాల్ యువర్ గ్రాండ్‌డ్యాడ్, అక్రాస్ ద స్ట్రీట్.
వన్ ఓల్డ్ మ్యాన్. హూ ఆర్ వి?

విడుపు: పెదవులు. ఇంగ్లీషులో లిప్స్.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంగ్లీషులో ముత్తాత లేడు, తెలుగులో వీధి లేదు. అనువాదం తప్పిందని సభలో ఎవరైనా అడగవచ్చు. పోటీ నడిపేవాళ్ళకు జవాబు తెలిసి ఉండాలి కాబట్టి ఏది ఎందుకు మారిందో ఇక్కడ రాస్తున్నాం.

తెలుగు పొడుపు ప్రాణమంతా ఒక్క అక్షరంలో ఉంది. త పలికేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది, పెదవులకు పని ఉండదు. ముత్తాతలో అదనంగా చేరింది ‘ము’. మకారం ఓష్ఠ్యం, రెండు పెదవులూ మూసుకోకుండా పలకదు. తాత మాటకు ముందు ఒక్క ‘ము’ చేరగానే మాట ఒక తరం వెనక్కి వెళ్ళింది, పెదవులు కలిశాయి.

మాటకు మాట వేస్తే ఇలా వస్తుంది: ‘ఇఫ్ యు సే గ్రాండ్‌ఫాదర్, దే డోంట్ టచ్. ఇఫ్ యు సే గ్రేట్ గ్రాండ్‌ఫాదర్, దే టచ్.’ వ్యాకరణం సరిగ్గానే ఉంది, కానీ చెప్పింది అబద్ధం. గ్రేట్ అన్న మాటలో ప, బ, మ ఏవీ లేవు. దాన్ని ముందు చేర్చినందువల్ల పెదవులకు కొత్తగా జరిగేది ఏమీ లేదు. గ్రాండ్‌ఫాదర్‌లోని ‘ఫా’ దగ్గర ఇంకో చిక్కు. ఇంగ్లండులో పుట్టిన పిల్లలు కింది పెదవిని పైపళ్ళకు ఆనించి పలుకుతారు, పెదవీ పెదవీ కలవవు. మన పెద్దవాళ్ళలో చాలామంది దాన్ని తెలుగు ఫకారంలా పెదవులు మూసి పలుకుతారు. అంటే పిల్లల నోట రెండుసార్లూ తగలవు, పెద్దల నోట రెండుసార్లూ తగులుతాయి. ఎవరు చదివినా పొడుపు విరిగిపోతుంది.

కాబట్టి ఆ ఇంట్లోంచే వేరే జంట వెతకాలి. మొదటి సగం ఒకటే ఉండి, చివర మాత్రమే పెదవి మాట మారాలి. గ్రాండ్‌పా, గ్రాండ్‌డ్యాడ్ అలా దొరికాయి. మొదటిదానిలో ‘పా’ మూస్తుంది, రెండోదానిలో ‘డ్యాడ్’ మూయదు. ఇంగ్లండు పిల్లలకు రెండు మాటలూ ఇంట్లో వినిపించేవే. ఇక్కడ పోయింది తరాల మెట్టు. దాని బదులు వచ్చింది ‘వన్ ఓల్డ్ మ్యాన్’: ముసలాయన ఒక్కడే, పేరు మారితే ఫలితం మారుతుంది. ఈ లెక్కలో నష్టం తక్కువేనని మా అభిప్రాయం.

అసలు కష్టం ‘అంటే’ దగ్గర వచ్చింది. తాత అంటే భయం, తాత అంటే ఇష్టం అని రోజూ అంటాం కదా. పొడుపు వినగానే చెవి ఆ అర్థాన్నే పట్టుకుంటుంది, తాతకూ ముత్తాతకూ ఏదో పేచీ ఉందనుకుంటుంది. తాత అని పలికితే అన్న అక్షరార్థం తట్టినప్పుడు ముడి వీడుతుంది. ఇంగ్లీషులో ‘సే’ అని పెడితే పలకడం గురించేనని మొదట్లోనే తెలిసిపోతుంది, ముడి పడనే పడదు. ‘కాల్’ ఆ పని చేస్తుంది. పిలవడం, పేరు పెట్టి అనడం రెండూ అదే మాట. పిల్లలకు మొదట తట్టేది ఫోను చేయడం, అది ఇంకా మంచి దారి మళ్ళింపు.

మొదట ‘కాల్ ఫర్’ అని రాశాం. ‘ఫర్’ తీసేయడానికి కారణం పైన చెప్పిన ఫకారమే. కలవకూడని రెండో పాదంలో పెద్దవాళ్ళ పెదవులు అక్కడ కలిసిపోతాయి. ‘యువర్’తో ఆ బెడద లేదు.

‘తగులు’ అనే క్రియకు తాకడం ఒక అర్థం, దారిలో ఎదురుపడడం ఇంకొకటి. బజార్లో ఫలానాయన తగిలాడు అంటాం. ‘మీట్’ ఆ రెండో అర్థాన్ని పట్టుకుంది, దానికి ప్రాసగా ‘స్ట్రీట్’ వచ్చింది. వీధికి అటొకరు, ఇటొకరు నిలబడ్డారని పిల్లలు అనుకుంటారు. నిజానికి ఆ వీధి నోరే. ‘అప్’ కూడా ఊరికే పెట్టింది కాదు: కలిసేటప్పుడు దవడతో పాటు కింది పెదవే పైకి లేస్తుంది.

మొదటి పాదంలో పా, అప్, మీట్ అని మూడుచోట్ల పెదవులు మూసుకుంటాయి. రెండో పాదంలో ఒక్కచోట కూడా మూసుకోవు. మన చిత్రకవిత్వంలో పెదవి తగలకుండా రాయడాన్ని నిరోష్ఠ్యం అంటారు. వ్యాకరణం ఉకారాన్ని కూడా ఓష్ఠ్యాల్లోనే చేర్చింది కాబట్టి ఇది శాస్త్రానికి నిలిచే నిరోష్ఠ్యం కాదు. పిల్లల ఆటకు ప, ఫ, బ, భ, మ లేకపోతే చాలు. ఎవరైనా పాదం మారుస్తామంటే ఈ అయిదూ రెండో పాదంలో చేరకుండా చూడండి. ‘వి కీప్ అవర్ సీట్’ అన్న పాదం ప్రాసకు బాగానే కుదిరినా, ‘కీప్’ పెదవులు మూస్తుందనే వదిలేశాం.

ఇంకొక తేడా. తగలవు, తగులుతాయి అనడంలోనే అవి మనుషులు కావనీ, ఒకటి కంటే ఎక్కువనీ తెలుస్తుంది. కర్త చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు క్రియ అంత చెప్పలేదు, కర్త పెట్టక తప్పదు. ‘వి’ పెట్టాం, కాబట్టి పిల్లలు ముందు మనుషుల్నే వెతుకుతారు. ఇంగ్లీషు పొడుపు ఆ మేరకు కష్టం. అందుకే దానికి ఒక నిమిషం, తెలుగుదానికి అర నిమిషం ఇవ్వండి.

చదివేవాళ్ళకు: ‘గ్రాండ్‌పా’లో పాను సాగదీయకండి, చూసే పిల్లలు మీ నోటిని బట్టే పట్టేస్తారు. గ్రాండ్‌డ్యాడ్ బదులు అలవాటుగా గ్రాండ్‌ఫాదర్ అని వస్తే ఆపి మొదటినుంచి చదవండి. ‘నైబర్స్’, ‘షూస్’ లాంటి జవాబులు వస్తే, పేరు మారితే అవి ఎందుకు కలుస్తాయో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే తప్పు జవాబే. సూచన ఇవ్వాల్సి వస్తే మొదట పొడుపును నెమ్మదిగా మళ్ళీ చదవండి. తరవాత పిల్లల చేతే చదివించండి. అప్పటికీ రాకపోతే అద్దం ఇవ్వండి.

ఏడేళ్ళలోపు పిల్లలకు తేలికది ఉంది: ‘అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు.’ మమ్, డ్యాడ్ అని పెడితే ఇంగ్లీషులోకి చక్కగా దిగుతుంది. ఇంట్లో నాన్నను పాపా అనే పిల్లలతో మాత్రం పనిచేయదు, పకారం రెండుసార్లు మూస్తుంది. తమిళ పిల్లలు ఉంటే వాళ్ళకూ కుదరదు, అమ్మా అప్పా ఇద్దరూ పెదవులు కలిపేవాళ్ళే.

విడుపు చెప్పిన పిల్లవాడి చేతికి అద్దం ఇచ్చి, ఆ జవాబే ఇంకోసారి పలకమనండి. పెదవులు అన్నా, లిప్స్ అన్నా, ప దగ్గర అవి తగులుతాయి.