పీఎస్5కి ఏ గేమ్స్ తీసుకోమంటారు?

నమస్తే అన్నా, మీ దగ్గర సెకండ్ హ్యాండ్ డిస్కులు కూడా ఉంటాయని ఫ్రెండ్ చెప్పాడు, అందుకే మెసేజ్ చేస్తున్నా. నాది పీఎస్5, డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్, కాబట్టి పీఎస్4 డిస్కులైనా పర్వాలేదు. బడ్జెట్ అంటారా, కొత్తగా వచ్చిన పెద్ద గేమ్ ఒక్కటి కొంటే అయిపోయేంత. అదే డబ్బుకి పాతవి రెండొస్తే ఇంకా మంచిది, డిస్క్ మీద లోతైన గీతలు లేకపోతే చాలు.

నాకు కథ ఉన్న యాక్షన్ అడ్వెంచర్లంటే ఇష్టం. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ వాల్కిరీలతో సహా మొత్తం పూర్తి చేశా, హొరైజన్ జీరో డాన్ కూడా అయిపోయింది. ఎల్డెన్ రింగ్ మాత్రం మార్గిట్ దగ్గరే వదిలేశా, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఒకే బాస్ చేతిలో అన్నిసార్లు చావడం నా వల్ల కాదు బాబోయ్. షూటర్లు, ఫుట్‌బాల్ వద్దు. పీఎస్ ప్లస్ లేదు, అందుకని ఆన్‌లైన్ మల్టీప్లేయర్ మీదే నడిచేవి నాకు పనికిరావు.

రెండు గేమ్స్ వచ్చేటట్టయితే ఒకటి చెల్లితో ఆడుకోవడానికి కావాలి. కంట్రోలర్లు రెండున్నాయి. ఇట్ టేక్స్ టూ తనకి తెగ నచ్చింది, అలా ఒకే టీవీలో ఇద్దరం కలిసి ఆడేది, కాస్త తేలికగా ఉండేది ఏదైనా ఉందా? ఆ డిస్క్ ఇచ్చేస్తే ఎక్స్ఛేంజ్‌లో ఎంత తగ్గిస్తారు?

ఇంకో మాట, కన్సోల్‌లో 120 జీబీనే ఖాళీ ఉంది, డిస్క్ గేమైనా ఇన్‌స్టాల్ చేయాల్సిందే కదా, సైజు కూడా చూసి చెప్పండి. స్టాక్ ఉంటే శనివారం సాయంత్రం వస్తా.